అవతారానికి పేరు కట్టడం – మూడో పాఠం: అబద్ధం ఆడే పని పెట్టని పేరు

గత రెండు పాఠాల్లో మనకు బదులుగా అవతారం అనే బొమ్మ మనిషి తిరిగే సెకండ్ లైఫ్ అనే ఇంటర్నెట్ మాయాలోకం ఎలా ఉంటుందో, అందులోకి వెళ్లే వ్యూయర్ అనే ప్రోగ్రామ్‌ను కంప్యూటర్‌లో ఎలా పెట్టుకోవాలో చూశాము. ఖాతా తెరిచే పుట దగ్గర మాత్రం ఆగమని కోరాను. ఆ పుటలో రాసే యూజర్‌నేమ్ ఆ తరువాత అంత సులువుగా మారదు. 2003లో ఈ లోకం తెరుచుకున్నప్పటి నుంచి 2010 దాకా మొదటి పేరు మనం రాసుకుని, ఇంటిపేరు మాత్రం వారిచ్చిన జాబితాలోంచి ఎంచుకోవలసి వచ్చేది. ఆ తరువాత చేరిన వారికి ఒకే పేరు ఉంటుంది, దాని వెనుక అందరికీ ఒకటే ఇంటిపేరుగా Resident చేరుతుంది. దాన్ని మార్చుకునే వీలు 2020లో వచ్చింది కాని, అది డబ్బు కట్టే సభ్యులకే, అందుకు వేరే రుసుము కూడా ఉంది. దీనికి తోడు డిస్‌ప్లే నేమ్ అనే మరో పేరు ఉంది. దాన్ని వారానికి ఒకసారి ఊరికే మార్చుకోవచ్చు, అందులో తెలుగు అక్షరాలు కూడా పెట్టుకోవచ్చు, కాని ఒకే డిస్‌ప్లే నేమ్‌ను పదిమంది పెట్టుకున్నా ఎవరూ అడ్డు చెప్పరు. మనల్ని మనంగా నిలబెట్టేది యూజర్‌నేమే కనుక ఈ పాఠమంతా దాని గురించే.

మా చిన్నమ్మ బిడ్డ ఉదాహరణతో ఈ పని నేర్చుకుందాం. వారిది నకిరేకల్ దిక్కు ఊరు. డిగ్రీ పూర్తి చేసింది, చదువుతుంది, రాస్తుంది, కాని నలుగురు కూర్చున్న చోట నోరు విప్పదు. తన పేరు, తన ఇల్లు, తన వెనుక ఉన్న చుట్టరికాలు ఏవీ తెలియని వారితో ఇంగ్లిషులో మాట్లాడి చూడాలన్నది ఆమె కోరిక. కొత్త పేరు కావాలి, కాని దొంగ పేరులా ఉండకూడదు. మొదటి రోజు ఒక కాగితం మీద ఆమె రాసి తెచ్చిన పేర్లు మూడు: AngelPriya, MoonPrincess, Sophia Williams.

మొదటి రెండింటిలో ఉన్న లోపం ఒకటే. అవి ఆ మనిషిని పిలవడానికి పెట్టిన పేర్లు కావు, ఆ మనిషి గురించి ముందుగానే చెప్పుకున్న గొప్పలు. దేవతనని, రాకుమారినని పేరే చెబుతున్నప్పుడు ఎదుటివారు ఆ మాటకు తగిన సందడిని ఆశిస్తారు. బిడియస్తురాలు ఆ సందడి చేయలేదు, చేయలేక మౌనంగా నిలబడితే పేరు ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు అయిపోతారు. ఎదుటివారికి దొంగ పేరుగా తోచేది ఈ తేడా వల్లే.

మూడోది ఇంకా ప్రమాదకరమైనది. సోఫియా విలియమ్స్ అన్న పేరులో ఎక్కడా అతిశయం లేదు, నిజమే. కాని ఆ పేరు ఒక దేశాన్ని, ఒక ఇంటిని సూచిస్తుంది, అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆమె ఆ ఇంటిని కల్పించి చెప్పవలసి వస్తుంది. పైగా ఆ లోకపు గడియారం కాలిఫోర్నియా సమయం ప్రకారం నడుస్తుంది. వేసవిలో మనకు రాత్రి పదిన్నర అయినప్పుడు అక్కడ ఉదయం పది గంటలు. అమెరికా పేరు పెట్టుకున్న మనిషి రోజూ ఆ పొద్దుటి పూటే "నిద్ర వస్తోంది" అని వెళ్లిపోతుంటే, నాలుగు రోజుల్లో ఎవరికైనా లెక్క తెలిసిపోతుంది.

అప్పుడు ఆమె అడిగిన ప్రశ్న ఈ పాఠానికి ఆయువుపట్టు. "పేరుకు అర్థమేందని ఎవరన్నా అడిగితే ఏమని చెప్పాలె అక్కా?" విచిత్రమైన పేరు కనిపిస్తే ఆ లోకంలో పలకరింపు చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. మాటకారికి అది ఆడుకునే అవకాశం. బిడియస్తులకు మాత్రం అబద్ధం అల్లవలసి వస్తే వేళ్లు కీబోర్డు మీద బిగుసుకుపోతాయి. కాబట్టి పేరులో ఒక చిన్న నిజం ఉండాలి, ఆ నిజాన్ని ఒక్క వాక్యంలో చెప్పగలగాలి, అయితే ఆ వాక్యాన్ని పట్టుకుని ఎవరూ మన ఇంటి గడప దాకా రాలేకపోవాలి. పేరు కట్టేటప్పుడు ఈ మూడింటినీ కలిపి చూసుకోవాలి.

నిజం ఎక్కడ దొరుకుతుందని వెతకడానికి ఆమెను చిన్నప్పటి నుంచి రోజూ చూసిన, తాకిన వాటి పేర్లు రాయమన్నాను. తంగేడు, గునుగు, ఇప్ప, రేల అని రాసింది. ఇక వీటిని ఇంగ్లిషు అక్షరాల్లోకి మార్చి, తెలుగు రాని కంటితో చదవాలి, ఎందుకంటే యూజర్‌నేమ్‌లో ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు మాత్రమే చెల్లుతాయి. Tangedu అని రాస్తే ఆ g తరువాత వచ్చిన e వల్ల చాలామంది "టాంజెడు" అని చదువుతారు. Gunugu మొదటి మూడు అక్షరాల్లోనే తుపాకి కనిపిస్తుంది. Ippa మొదటి అక్షరం చాలా ఫాంట్లలో చిన్న l లాగా ఉంటుంది, చూసి టైపు చేయబోయినవారు తప్పు అక్షరం కొడతారు. Rela ఒక్కటే నిలబడింది. "రేలా" అని చదివినా, "రీలా" అని చదివినా, తనను పిలిచినట్టే ఉంటుందని ఆమె చెప్పింది. ఎండాకాలంలో పసుపు పూలు గొలుసులుగా వేలాడే రేల చెట్టు వారి అమ్మమ్మ ఇంటి వెనుక ఉండేది. ఆ చెట్టు ఈ దేశంలో ఎన్నో చోట్ల ఉంది కనుక, ఆ నిజం చెప్పినా ఊరు బయటపడదు. మన జానపదాల పల్లవుల్లో "రేలా" అని వినిపించేది కూడా ఆమెకు నచ్చింది.

నాలుగక్షరాల పేరు ఒంటరిగా ఖాళీ ఉంటుందని ఆశించకూడదు. ఇలాంటప్పుడు చాలామంది వెనుక అంకెలు తగిలిస్తారు. అంకె అంటే సాధారణంగా పుట్టిన సంవత్సరమే, అది వయసు చెప్పేస్తుంది. లేదంటే "ఈ పేరు నాకంటే ముందే ఇంకొకరు తీసుకున్నారు" అని చాటుతుంది. అంకెకు బదులు రెండో మాట వెతకాలి.

ఇక్కడ తెలుగువారికి మాత్రమే ఎదురయ్యే ఒక చిక్కు ఉంది, కొంచెం నిదానంగా చూద్దాం. ఆమె మొదట Rela Konda అని కట్టింది. చుట్టూ గుట్టలున్న జిల్లా, నల్లగొండ పేరులోనే కొండ ఉంది, నిజానికేమీ లోటు లేదు. కాని కొండ అన్నది మనలో చాలామందికి ఇంటిపేరు కూడా. ఆ లోకంలో తెలుగువారు తారసపడితే, ఇంటిపేరు లాంటిది కంటబడిన వెంటనే "మీరు ఏ కొండవాళ్లు, ఏ ఊరు?" అని మొదలుపెట్టి, మూడో ప్రశ్నకు కులం దగ్గరికి వస్తారు. ఆమె తప్పించుకు పోవాలనుకున్నది సరిగ్గా ఆ వరుస ప్రశ్నల నుంచే. ఊరి పేరు, మండలం పేరు, ఇంటి దగ్గరి చెరువు పేరు ఇంతకంటే నేరుగా ఇంటికి దారి చూపిస్తాయి. అందుకని రెండో మాట ఇంటిపేరులా వినిపించకూడదు, పటం మీద చిన్న చుక్కగా దొరకకూడదు.

తరువాత వాన అన్న మాటతో Rela Vana అని రాసింది. వినడానికి హాయిగా ఉంది. కాని అదే అక్షరాలు స్పానిష్‌లో "డాంబికురాలు, పస లేనిది" అనే అర్థం ఇస్తాయి. పెద్ద తిట్టు కాదు గాని, అన్ని దేశాలవారూ తిరిగే చోట బిడియస్తురాలికి ఆ ఇబ్బంది ఎందుకని వదిలేశాము. ఏ మాట ఖాయం చేసుకునే ముందైనా ఒక్కసారి వెతికి, అది వేరే భాషలో ఏమవుతుందో, అదే పేరుతో ఎవరైనా ప్రసిద్ధ వ్యక్తి గాని వ్యాపారం గాని ఉందో చూసుకోవాలి. పుట్ట అన్న మంచి మాటను Putta అని రాస్తే స్పానిష్ వారికి వినిపించేది చాలా మోటు తిట్టు.

చివరకు ఆమెకు తగిన మాట ఆమె దినచర్యలోనే దొరికింది. ఇంట్లో అందరూ లేవకముందు, మబ్బుల నాలుగున్నరకు లేచి కంప్యూటర్ ముందు కూర్చోవడం ఆమె అలవాటు. పుస్తకాల్లో మబ్బు అంటే మేఘం, మన దిక్కు మాటలో మబ్బుల అంటే తెల్లవారకముందు చీకటి. వేసవిలో మనకు ఆ నాలుగున్నర ఆ లోకపు గడియారంలో ముందురోజు సాయంత్రం నాలుగు, చలికాలంలో మూడు. ఆమె వచ్చే వేళకూ పేరుకూ పొత్తు కుదిరింది. కొండలాగా అది తరచుగా వినిపించే ఇంటిపేరు కాదు. యూజర్‌నేమ్ relamabbu, డిస్‌ప్లే నేమ్ Rela Mabbu. ఆ లోకంలోని వస్తువులను నడిపే కొన్ని పాత స్క్రిప్టులు దాన్ని relamabbu Resident అని చూపిస్తాయి, అందులో తప్పేమీ లేదు, కొత్తగా చేరిన వారందరి పేరూ అవి అలాగే చూపిస్తాయి.

ఖాతా తెరవకముందు ఆ పేరును వారం రోజులు ఇంట్లో వాడి చూశాము. ఆమె వంటింట్లో పనిలో ఉన్నప్పుడు నేను అటు తిరిగి చూడకుండా "రేలా" అని పిలిచేదాన్ని. మొదటి రెండు రోజులు ఆమె పలకలేదు. మూడో రోజు ఆలోచించి పలికింది. ఆరో రోజు చేతిలో గిన్నె కింద పెట్టకుండానే "ఆఁ" అంది. పేరు ఒంటికి పట్టిందా లేదా అన్నది తేలేది ఇక్కడే. వారం దాటినా ఉలిక్కిపడి పలుకుతుంటే, లేదా రాసేటప్పుడు ప్రతిసారీ అక్షరాలు సరిచూసుకోవలసి వస్తుంటే, ఆ పేరు ఎంత అందమైనదైనా మార్చడమే మంచిది, ఖాతా ఇంకా తెరవలేదు కనుక పోయేదేమీ లేదు.

జవాబులు కూడా ముందే రాసి పెట్టుకుంది. అర్థం అడిగితే, పసుపు పూల చెట్టు, తెల్లవారకముందు చీకటి అని. ఇది నీ అసలు పేరేనా అని అడిగితే, ఇక్కడ నా పేరు ఇదే అని. ఎక్కడి దానివని అడిగితే, దక్షిణ భారతమని. ఈ మూడింటిలో అబద్ధం లేదు, చిరునామా లేదు.

ఈ పద్ధతికి ఉన్న హద్దులు కూడా తెలుసుకోవాలి. పేరు గొంతును దాచదు, మైకు పెడితే మాటతీరు ప్రాంతాన్ని చెప్పేస్తుంది, అందుకని ఆమె ప్రస్తుతానికి టైపు చేసే మాటలకే పరిమితమైంది. అదే యూజర్‌నేమ్‌ను ఇన్‌స్టాగ్రామ్‌లోనో మరోచోటనో వాడితే, ఒక్క వెతుకుడుతో రెండు జీవితాలూ కలిసిపోతాయి. ఇంకొకటి, ప్రొఫైల్‌లో ఖాతా పుట్టిన తేదీ సాధారణంగా అందరికీ కనిపిస్తుంది. కొత్త తేదీ ఉండి, ప్రొఫైల్ ఖాళీగా ఉంటే, ఎవరో పాత మనిషి రెండో ముసుగు వేసుకుని వచ్చారని అనుమానిస్తారు, అప్పుడు ఎంత మంచి పేరైనా నమ్మకం తేలేదు. ఆ ప్రొఫైల్‌లో రాయవలసిన రెండు మూడు వాక్యాలు వచ్చే పాఠంలో.

అప్పటిలోగా మీరు చేయవలసింది ఇది. చిన్నప్పటి నుంచి తాకిన పది వస్తువుల పేర్లు రాసి, వాటిని ఇంగ్లిషు అక్షరాల్లోకి మార్చి, తెలుగు రాని ఒకరి చేత చదివించండి. వారు పలికిన తీరు విని, పిలిస్తే తిరిగి చూడాలనిపించిన వాటి కింద మాత్రం గీత గీయండి. మా చెల్లె కాగితం మీద గీత పడింది ఒక్కదానికే, మీకు రెండు దొరికితే రెండూ దాచుకోండి, రెండో మాట వెతికేటప్పుడు పనికొస్తాయి.