ప్రామాణిక విచలనానికి n తో భాగించాలా, n−1 తోనా?

ప్రామాణిక విచలనం కట్టేటప్పుడు దేనితో భాగించాలో ప్రతిసారీ తడబడేవాడిని. ఇప్పుడు చివరి విచలనాన్ని వేలితో మూసి చూస్తున్నాను.

ఒక సరుకులోంచి తీసిన మూడు పొట్లాలు 498, 501, 507 గ్రాములు తూగాయనుకుందాం. సగటు 502, విచలనాలు −4, −1, +5. సగటు నుంచి తీసిన విచలనాల మొత్తం ఎప్పుడూ సున్నాయే కనుక, +5ను మూసినా మిగతా రెండింటిని బట్టి అది తెలిసిపోతుంది. అంటే స్వేచ్ఛగా మారగలిగినవి రెండే, భాగించవలసినదీ 2తోనే. వర్గాల మొత్తం 42, దానిలో సగం 21, వర్గమూలం సుమారు 4.58 గ్రాములు.

3తో భాగిస్తే 3.74 మాత్రమే వస్తుంది. ఆ 502 ఈ మూడు తూకాల నుంచే పుట్టినది కాబట్టి వాటికి అతి దగ్గరగా ఉంటుంది. సరుకు అసలు సగటు 500 అయితే, అక్కడి నుంచి కొలిచిన వర్గాల మొత్తం 54 అయ్యేది. ఆ తరుగును సగటున సరిదిద్దేదే n−1 (ఖచ్చితంగా చెప్పాలంటే, ఈ సవరణ విస్తృతికి పూర్తిగా సరిపోతుంది, వర్గమూలానికి కాదు).

ఎక్సెల్‌లో దీనికి `STDEV.S` వాడాలి. అయితే మీ దగ్గరున్నవి నమూనా కాక మొత్తం పొట్లాలే అయినా, అసలు సగటు ముందే తెలిసి దాని నుంచే విచలనాలు తీసినా, n తోనే భాగించాలి.