వానకు ట్రిప్, ఎండకు ట్రిప్: పెట్రోల్ డిపోలో కరెంటు సామాను ఎంచుకోవడం

చంద్రాపూర్, బల్లార్షా వైపు పనిచేసేవాళ్ళకు 'ఫ్లేమ్‌ప్రూఫ్' అనే మాట కొత్త కాదు. ఇంటికొకరు బొగ్గు గనిలో చేసినవాళ్ళే. మా డిపోలో జరిగిన పొరపాటుకు మూలం ఆ పరిచయమే.

సమస్య: వాన పడిన ప్రతిసారీ సంప్ పంపు ట్రిప్

ట్యాంకర్లు నింపే గ్యాంట్రీ పక్కన రెండు మీటర్ల లోతు గుంత ఉంది. నేల మీద ఒలికిన పెట్రోలు, డీజిలు, వాన నీళ్ళు అన్నీ అందులోకి చేరతాయి. జూన్‌లో మొదటి వానకే పంపు ఆగిపోయింది. "అన్నా, మళ్ళీ ఎర్త్ లీకేజీలో పడింది" అని హెల్పర్ ఫోన్ చేస్తే వెళ్ళి చూశాను. గుంత గోడకు బిగించిన జంక్షన్ బాక్సులో చిన్న టీ గ్లాసుడు నీళ్ళున్నాయి.

అంతకుముందు వచ్చిన కాంట్రాక్టరు నీళ్ళు బయటికి పోవాలని బాక్సు అడుగున ఆరు మిల్లీమీటర్ల రంధ్రం చేశాడు, మూత అంచంతా సిలికాన్ పూశాడు. పైకి చూస్తే పని బాగా చేసినట్టే ఉంది. నిజానికి ఆ రెండిటితో అది ఫ్లేమ్‌ప్రూఫ్ బాక్సు కాకుండా పోయింది.

కారణం

ఫ్లేమ్‌ప్రూఫ్ అంటే ఆవిరి లోపలికి రాదని చాలామంది అనుకుంటారు. వస్తుంది. పగటి ఎండకు బాక్సులోని గాలి వేడెక్కి బయటికి పోతుంది. సాయంత్రం వానకు లోహం చల్లబడగానే బయటి తడి గాలిని, దానితోపాటు పెట్రోలు ఆవిరినీ లోపలికి లాగుతుంది. లోపల నిప్పురవ్వ పుట్టి ఆవిరి అంటుకున్నా, ఆ మంట మూతకూ బాక్సుకూ మధ్య ఉన్న సన్నటి సందులోంచి వచ్చేలోపు చల్లారిపోవాలి. ఫ్లేమ్‌ప్రూఫ్ పనంతా ఇదే. ఆరు మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే మంట నేరుగా బయటికి దూకుతుంది. మూత అంచుకు గట్టిపడే సిలికాన్ వాడకూడదు, తయారీదారు చెప్పిన గట్టిపడని గ్రీజు మాత్రమే రాయాలి.

అయితే నీళ్ళు ఎక్కువగా వచ్చింది మూతలోంచి కాదు, కేబుల్ బాక్సులోకి దూరేచోట దాన్ని బిగించి పట్టే గ్లాండ్‌లోంచి. సన్నటి కేబుల్‌కు పెద్ద గ్లాండ్ వేశారు, రబ్బరు రింగు కేబుల్‌ను పట్టుకోలేదు. వాడని ఇంకో ఎంట్రీకి ప్లాస్టిక్ మూత పెట్టారు.

ఇవన్నీ సరిచేసినా పని అయిపోదు, ఎందుకంటే బాక్సే తప్పు. బురద తుడిచి ప్లేటు చదివితే `Ex d I` అని ఉంది. చివరనున్నది రోమన్ ఒకటి, అంటే గ్రూప్ 1: బొగ్గు గనిలోని మీథేన్ కోసం. పాత సామాను దుకాణంలో బరువుగా, గట్టిగా కనబడి కొన్నారట. మీథేన్ మంట దాటలేని సందు సుమారు 1.1 మిల్లీమీటర్లు, పెట్రోలు ఆవిరి లాంటివాటికి అది 0.9 దగ్గర. గనికి సరిపోయిన సందు ఇక్కడ సరిపోతుందన్న భరోసా లేదు. పైగా గని సామానుకు పెట్రోలు సామానులాగా ఉష్ణోగ్రత తరగతి ఉండదు. పెట్రోలుకు కావలసింది గ్రూప్ `IIA` లేదా అంతకంటే కఠినమైన `IIB`, ఉష్ణోగ్రత తరగతి `T3`. `T3` అంటే పరికరం ఉపరితలం 200 డిగ్రీలు దాటదు. పెట్రోలు ఆవిరి తనంతట తాను అంటుకునేది 280 దగ్గర.

ఇక జోన్ సంగతి. ఆవిరి ఎంత తరచుగా, ఎంతసేపు ఉంటుందో బట్టి ఒక చోటుకిచ్చే తరగతే జోన్. ట్యాంకు లోపల ద్రవం పైన ఎప్పుడూ ఆవిరి ఉంటుంది, అది జోన్ 0. మామూలుగా పని నడుస్తున్నప్పుడు ఆవిరి వచ్చే చోటు, ఉదాహరణకు ట్యాంకు వెంట్ చుట్టుపక్కల, జోన్ 1. లీకైతేనే, అదీ కాసేపే ఆవిరి ఉండే చోటు జోన్ 2. గుంత పైన నేల మా డ్రాయింగ్‌లో జోన్ 2. దాన్ని చూసి గుంతనూ జోన్ 2 అనుకోవడం మామూలు తప్పు. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు, గుంతలోకి దిగి అక్కడే కూర్చుంటుంది. జోన్ 2లో ఉన్న గుంత లోపలిని జోన్ 1గానే లెక్కపెట్టాలి. ప్లేటు మీద చివర `Gc` ఉన్నది జోన్ 2కే పనికొస్తుంది, గుంతకు కనీసం `Gb` కావాలి.

పరిష్కారం

మేము కొత్త బాక్సు కొనలేదు. గుంతలో పవర్ కేబుల్ అవసరమే తీసేశాం. కంప్రెసర్ గాలితో నడిచే డయాఫ్రం పంపు వేసి, దాని బాడీకి, గొట్టానికి ఎర్త్ ఇచ్చాం (లేకపోతే స్టాటిక్ భయం). గాలి వాల్వూ కంప్రెసరూ జోన్ బయట. నీటి మట్టం చెప్పే ఫ్లోట్ స్విచ్ ఒక్కటే గుంతలో మిగిలింది. అది `Ex ia` రకం, ప్యానెల్ గదిలోని బ్యారియర్ దాటి వచ్చే కరెంటు ఆవిరిని అంటించగలిగినంత ఉండదు. దాని కేబుల్‌ను పవర్ కేబుళ్ళతో కలిపి లాగకూడదు.

గ్యాంట్రీ మీది మిగతా బాక్సులకు కేబుల్ బయటి వ్యాసం కొలిచి సరైన డబుల్ కంప్రెషన్ ఫ్లేమ్‌ప్రూఫ్ గ్లాండ్లు, వాడని ఎంట్రీలకు సర్టిఫైడ్ లోహపు ప్లగ్గులు వేశాం. కొన్న ప్రతి పరికరానికీ, పెట్రోలు, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ పెసో ఇచ్చే అనుమతి కాగితం అడిగాం. దాని ప్రధాన కార్యాలయం నాగ్‌పూర్‌లోనే ఉంది. బాక్సు తెరిచేముందు సప్లై ఆపి, లాక్ వేసి, గాలిలో మండే ఆవిరి ఎంతుందో చెప్పే ఎల్‌ఈఎల్ మీటరు సున్నా చూపించాకే బోల్టు విప్పాలి. కేబుల్ ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ కూడా స్పార్క్ ఇస్తుంది, దానికీ పర్మిట్ కావాలి.

సమస్య: ప్యానెల్ గదిలో పెట్రోలు వాసన

ఈ గది జోన్ బయట ఉంటుంది కాబట్టి లోపల మామూలు స్విచ్‌గేర్ పెడతాం. వాసన వస్తే మొదట కేబుల్ ట్రెంచ్ చూడండి. ఖాళీ ట్రెంచ్ ఆవిరికి కాలవ లాంటిది. ఆ సమయంలో గదిలో ఏ స్విచ్చూ నొక్కొద్దు, ఆపాలన్నా దూరం నుంచే ఆపించండి. తర్వాత ట్రెంచ్‌ను ఇసుకతో పూర్తిగా నింపి, గోడలో కేబుల్ దూరే చోటు సీల్ చేయాలి.

సమస్య: మే నెలలో మోటారు, లైట్లు వరుసగా పోవడం

లోడు సరిగ్గానే ఉంది, వైండింగ్ మాత్రం కాలుతోంది. ప్లేటు మీద `Ta` అని ఏమీ రాసి లేకపోతే ఆ పరికరం మైనస్ 20 నుంచి 40 డిగ్రీల గాలికే సర్టిఫై అయినట్టు. చంద్రాపూర్ ఎండాకాలం 45 దాటడం మనకు వింత కాదు. రేకుల షెడ్డు కింద ఇంకా ఎక్కువ. అంటే మే నెలంతా ఆ సర్టిఫికెట్ హద్దు బయట నడుపుతున్నట్టే. కొనేటప్పుడు `Ta +55 °C` ఉన్నదే అడగండి. షేడ్ వేయడం, ఫ్యాన్ కవరు దుమ్ము దులపడం సాయం చేస్తాయి కానీ ప్లేటును మార్చవు.

ఇదే ఎండ వల్ల డీజిలు గురించి కూడా ఒక మాట. "మాది డీజిలే కదా, జోన్ ఎందుకు" అని ఒక బంకు యజమాని నన్ను అడిగాడు. ఇక్కడి డీజిలు ప్రమాణం, ఐఎస్ 1460, అడిగే కనీస ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు చూపితే అంటుకునేంత ఆవిరి వచ్చే ఉష్ణోగ్రత, 35 డిగ్రీలు. మధ్యాహ్నం రెండింటికి ట్యాంకరు రేకు మీద చెయ్యి పెట్టి చూడమన్నాను. పైగా పొద్దున పెట్రోలు మోసిన అరలోనే మధ్యాహ్నం డీజిలు నింపితే, డోమ్ మూత తీసినప్పుడు పైకొచ్చేది పెట్రోలు ఆవిరే. అందుకని రెండూ నింపే గ్యాంట్రీని పెట్రోలు గ్యాంట్రీగానే లెక్కవేసి సామాను వేయించాను.