గామా తగ్గింది, రెసిస్టివిటీ పెరిగింది: ఆ పొరలో నిజంగా గ్యాస్ ఉందా?

బావిలోకి పరికరాలు దించి లోతువారీగా కొలిచిన గీతల కాగితాన్ని, అంటే లాగ్‌ను, బల్లమీద పరిచిన వెంటనే అందరి చూపూ ఒక చోటికే పోతుంది. ఎడమ గడిలో గామా గీత ఎడమకు, కుడి గడిలో రెసిస్టివిటీ గీత కుడికి జరిగిన చోటికి. "ఇసుకరాయి, అందులో గ్యాస్" అనే తీర్పు అప్పుడే వచ్చేస్తుంది. చాలాసార్లు ఆ తీర్పు సరైనదే. తప్పినప్పుడు మాత్రం లక్షల రూపాయల పరీక్ష చేసి నీళ్లు తోడుకోవలసి వస్తుంది.

పొరపాటు ఎక్కడ మొదలవుతుందంటే, గామా పరికరం ఇసుకను చూస్తుందని, రెసిస్టివిటీ పరికరం నూనెను చూస్తుందని అనుకోవడంలో. గామా పరికరం లెక్కపెట్టేది రాతిలోని పొటాషియం, థోరియం, యురేనియం నుంచి వచ్చే కిరణాలను. బంకమట్టి గట్టిపడి రాయైతే అది షేల్. దానిలోని బంకమట్టి ఖనిజాలలో ఇవి ఎక్కువగా ఉంటాయి కాబట్టి గామా పెరిగితే షేల్ అంటాం. రెసిస్టివిటీ పరికరం కొలిచేది కరెంటుకు రాయి ఎంత అడ్డుపడుతుందో. సాధారణంగా ఇసుక రేణువులో కరెంటు పారదు, నూనెలో పారదు, గ్యాస్‌లో పారదు. పారేది రాతి సందుల్లోని ఉప్పునీటిలో, కొంతవరకు బంకమట్టి ద్వారా. అంటే ఈ గీత చెప్పేది ఉప్పునీరు ఎంత తక్కువగా ఉందో మాత్రమే. ఆ ఖాళీలో ఉన్నది గ్యాసో, గట్టి రాయో మనమే తేల్చుకోవాలి.

చదవడం మొదలుపెట్టే ముందు గామా గడిలో పెన్సిలుతో రెండు నిలువు గీతలు గీయండి. ఆ బావిలో అతి శుభ్రమైన ఇసుక చూపే విలువ దగ్గర ఒకటి, మందమైన షేల్ చూపే విలువ దగ్గర ఒకటి. 30, 120 ఏపీఐ యూనిట్లు తరచూ కనిపించే జత. అయితే పక్క బావి గీతలను ఇక్కడికి తెచ్చి పెట్టకండి. బావి వెడల్పు, తవ్వేటప్పుడు బావిలో నింపే మడ్ అనే ద్రవం బరువు మారితే అవీ మారతాయి. షేల్ కూలి బావి వెడల్పైన చోట గామా తగ్గి, షేల్ కాస్తా మురికి ఇసుకలా కనిపిస్తుంది. అందుకే బావి వెడల్పును చూపే కాలిపర్ గీతను పక్కన పెట్టుకోనిదే గామాను చదవకూడదు.

లక్షణం: కటింగ్స్‌లో ఇసుక కనిపిస్తోంది, గామా మాత్రం షేల్ అంటోంది

కటింగ్స్ అంటే తవ్వేటప్పుడు మడ్‌తో పైకి వచ్చే రాతి ముక్కలు. కారణం రాతిలో ఉండవచ్చు, మడ్‌లోనూ ఉండవచ్చు. ముందు మడ్ సంగతి తేల్చుకోవడం తేలిక. షేల్ ఉబ్బకుండా మడ్‌లో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఆ పొటాషియమే కిరణాలు విడుస్తుంది. అప్పుడు ఒక్క పొర కాదు, బావి మొత్తం గామా పక్కకు జరుగుతుంది. బావి వెడల్పైన చోట ఇంకా ఎక్కువగా జరుగుతుంది. మడ్ నివేదికలో పొటాషియం శాతం చూసి, లాగింగ్ బృందంతో సవరణ చేయించి, పెన్సిలు గీతలు మళ్లీ గీస్తే సరిపోతుంది.

ఒకటి రెండు పొరలే ఇలా కనిపిస్తే అనుమానించవలసింది పొటాషియం ఫెల్‌స్పార్‌ను. గ్రానైట్, నైస్ కొండలు అరిగి, ఆ ఇసుక ఎక్కువ దూరం కొట్టుకుపోకుండా దగ్గరలోనే పేరుకుంటే ఫెల్‌స్పార్ నశించకుండా మిగిలిపోతుంది. గోదావరి లోయ బరాకర్ ఇసుకరాళ్లలో ఇది మామూలే. తేల్చడానికి పొటాషియం, థోరియం, యురేనియంలను విడివిడిగా కొలిచే స్పెక్ట్రల్ గామా కావాలి. పొటాషియం ఎక్కువగా, థోరియం తక్కువగా ఉంటే ఫెల్‌స్పార్ ఇసుక. రెండూ కలిసి పెరిగితే షేల్. స్పెక్ట్రల్ లేకపోతే రాతి సాంద్రతను చూపే డెన్సిటీ గీతను, రాతిలోని హైడ్రోజన్‌ను పట్టి చూపే న్యూట్రాన్ గీతను చూడండి. ఇసుకరాయి స్కేలుమీద షేల్‌లో న్యూట్రాన్ చూపే సచ్ఛిద్రత, అంటే రాతిలో సందుల వాటా, డెన్సిటీ చూపేదానికంటే బాగా ఎక్కువగా ఉండి గీతలు విడిపోతాయి. నీటితో నిండిన ఇసుకలో రెండూ దగ్గరకు వస్తాయి.

లక్షణం: గామా తక్కువ, రెసిస్టివిటీ ఎక్కువ

అసలు ఉచ్చు ఇదే. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లోనే ఇలా కనిపించే రాళ్లు మూడు ఉన్నాయి. రాజోలు బసాల్ట్‌లో పొటాషియం తక్కువ, సందులూ తక్కువ. అందువల్ల గామా పడిపోతుంది, రెసిస్టివిటీ లేస్తుంది. గట్టి సున్నపురాయి కూడా అంతే. కొమ్ముగూడెం పొరల్లోని బొగ్గూ అంతే. ఈ మూడింటినీ డెన్సిటీ గీత ఒక్కటే విడదీస్తుంది. ఘన సెంటీమీటరుకు బసాల్ట్ సుమారు 2.9 గ్రాములు, సందుల్లేని సున్నపురాయి 2.71, బొగ్గు 1.3 నుంచి 1.5. ఇవి తొలగిపోయాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. ఇది ఇసుకరాయే, కానీ సందుల్లో గ్యాస్ ఉందా, లేక సందులే లేవా?

అభ్యాసం కోసం ఒక పొర తీసుకుందాం. 1,812 నుంచి 1,836 మీటర్ల వరకు గామా 36 నుంచి 45 మధ్య ఉంది. పైన 12 మీటర్లలో లోతైన రెసిస్టివిటీ, అంటే బావి గోడకు దూరంగా రాతి లోపల కొలిచినది, 20 ఓమ్ మీటర్లు, కింది భాగంలో 1. పైనా కిందా ఉన్న షేల్‌లో 3. కింది భాగంలో డెన్సిటీ 2.24, ఇసుక రేణువు 2.65, సందుల్లోని ద్రవం 1.0 అనుకుంటే సచ్ఛిద్రత 25 శాతం. పై భాగంలో గ్యాస్ ప్రభావం సరిచేశాక అక్కడా 25 శాతమే వచ్చిందనుకుందాం. ఇక్కడ వాడేది 1942లో ఆర్చీ ఇచ్చిన సూత్రం. ఇందులో phi సచ్ఛిద్రత, Rw సందుల్లోని నీటి రెసిస్టివిటీ, Ro పూర్తిగా ఆ నీటితో నిండిన రాతి రెసిస్టివిటీ, F నీటికంటే ఆ తడి రాయి ఎన్ని రెట్లు అడ్డుపడుతుందో చెప్పే సంఖ్య, Rt లాగ్‌లో కనిపించే లోతైన రెసిస్టివిటీ, Sw సందుల్లో నీటి వాటా:

```
F  = 1 / phi^2
Ro = F * Rw
Sw = sqrt(Ro / Rt)
```

కింది భాగం పూర్తిగా నీళ్లే అనుకుంటే అక్కడ Ro = 1. phi = 0.25 కాబట్టి F = 16, Rw = 1/16, అంటే 0.0625. ఈ సంఖ్యను అలాగే నమ్మేయకండి. ఇదే పొర నుంచి పైకి తెచ్చిన నీటి నమూనా 30 డిగ్రీల దగ్గర 0.125 చూపిందనుకోండి. చాలామంది ఇక్కడే "రెట్టింపు తేడా వచ్చింది" అని కంగారు పడతారు. పొరలో వేడి 80 డిగ్రీలు. వేడెక్కిన ఉప్పునీటిలో కరెంటు సులువుగా పారుతుంది కనుక విలువ తగ్గుతుంది:

```
R2 = R1 * (T1 + 21.5) / (T2 + 21.5)
   = 0.125 * 51.5 / 101.5 = 0.063
```

రెండు దారుల్లో వచ్చిన విలువలు కలిశాయి. ఇక పై భాగంలో Sw = sqrt(1/20), అంటే 22 శాతం నీరు. మిగిలిన 78 శాతం నూనో గ్యాసో. న్యూట్రాన్ చూపే సచ్ఛిద్రత డెన్సిటీ చూపేదానికంటే తగ్గి, గీతలు ఒకదాన్నొకటి దాటిపోతే గ్యాస్ అనవచ్చు.

ఇప్పుడు అదే 20 ఓమ్ మీటర్లు ఉంచి, పై భాగంలో డెన్సిటీ 2.55 అనుకోండి. సచ్ఛిద్రత 6 శాతం, F = 278, Ro = 17.4. నీటి శాతం 93! రెసిస్టివిటీ గీత ఒక్క గీటు కూడా మారలేదు. కిందటి లెక్కలో గ్యాస్ పొర అన్నది ఇప్పుడు సిమెంటుతో బిగుసుకుపోయిన తడి రాయి అయింది. కింది భాగం సచ్ఛిద్రతను పై భాగానికి అప్పు ఇచ్చినవారు ఇక్కడే దెబ్బ తింటారు. కాబట్టి నియమం చిన్నదే: రెసిస్టివిటీ మారిన ప్రతిచోటా సచ్ఛిద్రత కూడా మారిందేమో ముందు చూడాలి. సచ్ఛిద్రత మారకుండా రెసిస్టివిటీ పెరిగితేనే ద్రవం మారిందని అనుమానించాలి.

లోతైన, లోతు తక్కువ రెసిస్టివిటీ గీతలు విడిపోయాయా అనేదీ చూడండి. విడిపోతే మడ్ నీరు రాతిలోకి చొరబడింది, అంటే ద్రవం కదిలే సందులున్నాయి. బిగుసుకున్న రాతిలో అవి సాధారణంగా ఒకదానిమీద ఒకటి పడుకుని ఉంటాయి.

లక్షణం: గామా మధ్యలో ఉంది, రెసిస్టివిటీ షేల్‌లాగే తక్కువ

ఈ పొరను చూడగానే "షేల్ కలిసిన నీటి ఇసుక" అని పక్కన పెట్టేస్తారు. ఒక్కోసారి వదిలేసేది మంచి పొరనే. కారణం పొరల మందం. రెసిస్టివిటీ కొలిచే మామూలు ఇండక్షన్ పరికరం సుమారు 60 సెంటీమీటర్ల కంటే పలుచని పొరను విడిగా చూడలేదు. రెండు మూడు సెంటీమీటర్ల ఇసుక, షేల్ పొరలు తమలపాకుల కట్టలా పేర్చి ఉంటే అది వాటన్నిటినీ కలిపి ఒకటిగా చదువుతుంది.

కలపడంలోనూ న్యాయం ఉండదు. నిలువు బావిలో ఇండక్షన్ కరెంటు పొరల వెంబడి పారుతుంది కాబట్టి సులువైన దారినే ఎంచుకుంటుంది. సగం గ్యాస్ ఇసుక, రెసిస్టివిటీ 20. సగం షేల్, రెసిస్టివిటీ 1.5 అనుకోండి. Rh పొరల వెంబడి వచ్చే రెసిస్టివిటీ, Rv పొరలకు అడ్డంగా వచ్చేది.

```
1/Rh = 0.5/20 + 0.5/1.5   ->  Rh = 2.8
Rv   = 0.5*20 + 0.5*1.5   ->  Rv = 10.75
```

లాగ్‌మీద కనిపించేది 2.8. ఇరవై ఉన్న ఇసుక దాదాపు మాయమైంది. మూడు దిశల్లో కొలిచే ఇండక్షన్ పరికరం అయితే 10.75 కూడా చూపిస్తుంది. ఈ రెండు విలువల మధ్య దూరమే పలుచని పొరల ఆనవాలు. ఆ పరికరం ఖరీదు భరించలేకపోతే బావి గోడ చిత్రాన్ని చూపే ఇమేజ్ లాగ్‌లో చారలున్నాయా చూడండి. తవ్వేటప్పుడు మడ్‌తో పైకి వచ్చిన గ్యాస్‌ను రాసే మడ్ లాగ్‌లో ఆ లోతు దగ్గర గ్యాస్ పెరిగిందేమో కూడా చూడండి. రెసిస్టివిటీ కాదన్నా మడ్ గ్యాస్ ఔనంటే ఆ పొరను వదలకూడదని నా అభిప్రాయం. ఇలాంటి చోట గామా నుంచి తీసిన షేల్ శాతాన్ని ఆర్చీ సూత్రంలో వేసి సరిచేయాలనుకోవడం వృథా. ఆ సూత్రం శుభ్రమైన ఇసుకకు రాసింది.

లక్షణం: నీటి బోరులో ఇసుక, బంకమట్టి రెండూ ఒకే రెసిస్టివిటీ చూపుతున్నాయి

డెల్టా ఊళ్లలో మంచినీటి బోరు లాగ్ చేసినప్పుడు పై లెక్క తలకిందులవుతుంది. ఇక్కడ రెసిస్టివిటీ పెరిగితే మంచి కబురు, ఎందుకంటే అది తియ్యటి నీరు కావచ్చు. నీటి విద్యుత్ వాహకత తెలిస్తే లెక్క చిన్నది: 10,000ను సెంటీమీటరుకు మైక్రోసీమెన్స్‌లో వచ్చిన వాహకతతో భాగించాలి. వాహకత 1,000 ఉన్న నీటి రెసిస్టివిటీ 10 ఓమ్ మీటర్లు. వదులు ఇసుకలో F సుమారు 5 అనుకుంటే పొర 50 చూపుతుంది. వాహకత 10,000 ఉన్న ఉప్పునీరైతే పొర 5 చూపుతుంది. బంకమట్టి కూడా దాదాపు అంతే.

రెసిస్టివిటీ మాత్రమే చూసి ఉప్పునీటి ఇసుకను బంకమట్టి అనుకుంటే ఏమవుతుంది? "ఎలాగూ నీరు రానివ్వదు" అని దాని ఎదురుగా కేసింగ్ వెలుపల బంకమట్టితో గట్టిగా మూసే పని మానేస్తారు. కొన్ని నెలలకు ఉప్పు ఆ వెలుపలి ఖాళీ గుండా దిగి, కింది మంచి పొరలో చేరుతుంది. గామా గీత ఉంటే ఈ తికమక ఉండదు. రెసిస్టివిటీ 5, గామా ఎక్కువ అయితే బంకమట్టి. రెసిస్టివిటీ 5, గామా తక్కువ అయితే ఉప్పు ఇసుక, దాన్ని పైనా కిందా మూయాల్సిందే. గామా కొలవలేదని చెప్పే లాగింగ్ బృందాన్ని డెల్టాలో ఒప్పుకోకండి.