చేతులు సరిపోయి ఛాతీ దగ్గర మాత్రం జాకెట్టు బిగిస్తోందా, ముందు టేపుని స్టీల్ స్కేల్ పక్కన పెట్టి చూడండి

సమస్య: కొలతలు జాగ్రత్తగానే తీశారు, కటింగ్ కూడా లెక్క ప్రకారమే చేశారు, కానీ కుట్టాక చేతులు, భుజం బాగానే కూర్చుని ఛాతీ దగ్గర మాత్రం హుక్స్ పట్టట్లేదు. మా వదిన జాకెట్టుకి నాకు ఇదే జరిగింది. తను వేరే ఊళ్ళో ఉంటుంది, ఇంట్లో టేపుతో కొలిచి ఫోన్లో చెప్పింది, ఛాతీ 36, నడుం 30, చెయ్యి చుట్టూ 11, భుజం 14 అని. నేను నా టేపుతో కట్ చేసి కుట్టి పంపితే "చేతులు సూపర్‌గా ఉన్నాయి గానీ ముందు హుక్కే పడట్లేదు, నేనేమైనా లావెక్కానా" అంది పాపం.

కారణం: లావు కాదు, టేపు సాగింది. సాగిన టేపులో ఒక్కో ఇంచీ అసలు ఇంచీ కంటే పొడుగైపోతుంది కాబట్టి ఒంటి కొలత తక్కువ చూపిస్తుంది, అందుకే జాకెట్టు ఎప్పుడూ టైటే అవుతుంది, లూజు అవదు. ఒకే మనిషిని రెండు మూడు సార్లు కొలిస్తే ఓసారి ఎక్కువ ఓసారి తక్కువ వస్తోందంటే అది టేపు తప్పు కాదు, మనం లాగి పట్టుకునే తీరులో తేడా. టేపు చివర ఇనుప ముక్క ఊడిపోయి మొదటి అర ఇంచీ అరిగిపోయి ఉంటే మెడ దగ్గరా ఛాతీ దగ్గరా ఒకే అర ఇంచీ తేడా వస్తుంది. సాగిన టేపు అలా కాదు, చిన్న కొలతల్లో తేడా కనపడీ కనపడకుండా ఉండి పెద్ద కొలతల్లో బయటపడుతుంది.

చెక్ చేసే పద్ధతి: వదిన ఊరికొచ్చినప్పుడు ఆ టేపు తెమ్మన్నాను. బల్ల మీద లాగకుండా పరిచి అరచేత్తో ఒకసారి మెల్లిగా సర్ది, పక్కనే 12 ఇంచీల స్టీల్ స్కేల్ పెట్టాను. మొదట టేపు చివర స్కేల్ సున్నాకి కలిపితే టేపు మీద 12 గీత స్కేల్ చివర దాటి ఇంచీలో ఎనిమిదో వంతు అవతల ఉంది. తర్వాత స్కేల్ జరిపి టేపు మీద 12 దగ్గర సున్నా పెట్టి 24 ఎక్కడ పడిందో చూశా, పావు ఇంచీ అవతల. 24 నుంచి 36 దాకా అయితే ఏకంగా మూడు ఎనిమిదో వంతులు, అక్కడ టేపు మిగతాచోట కంటే సన్నగా ఉంది, అంచులు అలలు అలలుగా ఉన్నాయి, అంకెలు వెలిసిపోయాయి. అడిగితే సామాన్ల మూట కట్టడానికి దాన్నే తాడులా వాడారంట. స్కేల్‌ని ఇలా అడుగడుక్కీ జరిపి చూడాలి, ఒకేసారి మొత్తం పొడుగు చూస్తే ఎంత సాగిందో తెలుస్తుంది గానీ ఎక్కడ సాగిందో తెలీదు. మీ స్కేల్ అంచు అరిగి ఉంటే సున్నా బదులు 1 దగ్గర నుంచి పెట్టుకోండి.

ఇప్పుడు మూడూ కూడితే ముప్పావు ఇంచీ. అంటే టేపు 36 అన్నప్పుడు అసలు ఛాతీ 36 ముప్పావు! చెయ్యి 11 మొదటి అడుగులోనే అయిపోతుంది కాబట్టి అక్కడ పెద్ద తేడా లేదు, నడుం 30కి అర ఇంచీ పైచిలుకు తేడా.

చాలామంది అంటారు, ఒంటికీ బట్టకీ ఒకే టేపు వాడితే తప్పు తప్పుతో కొట్టుకుపోతుంది కదా అని. టేపు అంతా ఒకేలా సాగితే నిజమే. కానీ జాకెట్టు కటింగ్‌లో ఛాతీని నాలుగో వంతు చేసి 9 ఇంచీలు పెడతాం, అది టేపు మొదటి అడుగులో పడుతుంది, అక్కడ సాగింది తక్కువ. ఒళ్ళు కొలిచింది సాగిన భాగంతో, బట్ట కొలిచింది బాగున్న భాగంతో, ఇంక కొట్టుకుపోయేది ఎక్కడ?

పరిష్కారం: 36 ఇంచీల పొడుగుకి ఇంచీలో ఎనిమిదో వంతు తేడా అయితే నేను పట్టించుకోను, పావు ఇంచీ దాటితే ఆ టేపు వద్దు. దానికి లెక్కలు కట్టి వాడుకోవడం కూడా వద్దు, ఇంకోసారి లాగితే మళ్ళీ మారుతుంది. కొత్తది కొనేటప్పుడు కూడా బట్ట టేపు కాకుండా ఫైబర్ గ్లాస్ ఉన్నది తీసుకుని ఇంటికొచ్చాక ఇదే పరీక్ష చెయ్యండి, లైట్‌గా లాగి కూడా చూడండి, లాగినప్పుడు గీతలు కదులుతుంటే అదీ పనికిరాదు. దూరం నుంచి కొలతలు చెప్పేవాళ్ళని టేపు పక్కన స్కేల్ పెట్టి ఫోటో పంపమనండి, లేకపోతే బాగా సరిపోయే ఆది జాకెట్టు పంపమనండి.

కుట్టేసిన జాకెట్టు పాడైపోలేదు. పక్క కుట్ల లోపల ఇంచీ మార్జిన్ వదిలి ఉంచాను, కావాల్సింది మొత్తం ముప్పావు, అంటే ఒక్కో పక్కకి మూడు ఎనిమిదో వంతులు, దాన్ని ముందు ముక్కకీ వెనక ముక్కకీ సగం సగం పంచి కుట్టు బయటికి జరిపా. చంక దగ్గర మాత్రం పాత కుట్టులోకే మెల్లిగా కలిపేశా, చేతులు సరిపోయాయి కదా, వాటిని కదపలేదు. హుక్స్ పడ్డాయి. పాత టేపుని అక్కడే కత్తిరతో రెండు ముక్కలు చేశా, మళ్ళీ ఎవరూ కొలతకి తియ్యకుండా.