పెద్ద వస్త్రాన్ని ఒకే చిత్రంగా కూర్చడం – ఐదవ పాఠం: తప్పిపోయిన హంస

ఈ పాఠంలో రంగుల సమీకరణ మొదలుపెట్టాలనుకున్నాను. కానీ నాలుగవ పాఠం చేసి చూసినవారు పంపిన చిత్రాలలో సగానికి పైగా ఏదో ఒక చోట దెబ్బతిన్నాయి కాబట్టి, రంగుల సంగతి వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

వస్త్రం అంచు అరటిపండులా వంగిందని రాసినవారికి జవాబు చిన్నదే. ఫోటోలను కూర్చే Hugin తనంతట తానుగా, కెమెరా ఒకే చోట నిలబడి చుట్టూ తిరిగిందని అనుకుంటుంది. మనం మాత్రం కెమెరాను వస్త్రానికి సమాంతరంగా జరుపుకుంటూ వెళ్ళాము. కాబట్టి దిక్కును కాకుండా స్థానాన్ని లెక్కించమని దానికి చెప్పాలి.

```
pto_var --opt=r,TrX,TrY,TrZ -o vastram.pto vastram.pto
autooptimiser -n -o vastram.pto vastram.pto
```

అద్దం పెట్టి కెమెరాను నిటారుగా నిలిపే పద్ధతిని మూడవ పాఠంలో చెప్పాను కాబట్టి, వంపును లెక్కించే y, p లను ఇక్కడ కావాలనే వదిలేశాను. అద్దం పెట్టకుండా ఫోటోలు తీసినవారికి ఈ ఆజ్ఞలు కలిసిరావు. వారు ముందు ఆ పని చేసి రావాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. తిరుపతి నుంచి ఒక విద్యార్థిని తన ఇంట్లోని శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాన్ని కూర్చి పంపింది. వస్త్రం మూడు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు. అంగుళానికి 300 పిక్సెళ్ళ లెక్కన 6000 × 4000 పిక్సెళ్ళ కెమెరాలో ఒక్కో ఫ్రేముకు 508 మిల్లీమీటర్ల వెడల్పు, 339 మిల్లీమీటర్ల ఎత్తు పడుతుంది. నలభై శాతం అతివ్యాప్తి ఉంచి, కింది వరుసతో మొదలుపెట్టి, ఒక్కో వరుసకు పది చొప్పున ఎనిమిది వరుసలు, మొత్తం ఎనభై ఫ్రేములు తీసింది. ఫ్యాను ఆపింది, కిటికీ మూసింది, నేను చెప్పినవన్నీ చేసింది. చిత్రం చూడగానే మెచ్చుకోదగినట్టుగానే ఉంది. అయితే కింది అంచు కుడి మూల మాత్రం ఏడు సెంటీమీటర్లు లోపలికి పోయి ఉంది. బట్టను వంకరగా కత్తిరించారేమో అనుకున్నానని ఆమె రాసింది.

వస్త్రం కింది అంచులో ఎన్ని హంసలు ఉన్నాయో లెక్కపెట్టమన్నాను. వస్త్రం మీద 41 ఉన్నాయి, చిత్రంలో 40 ఉన్నాయి.

ఇది ఎలా జరిగిందో కొంచెం ఓపికగా చూడాలి, ఎందుకంటే ఇక్కడ సాఫ్ట్‌వేరు ఇచ్చే సంఖ్యలు మనల్ని హెచ్చరించవు, పైగా అంతా బాగుందని చెబుతాయి. మూడు మీటర్లలో 41 హంసలు అంటే ఒక హంస నుంచి మరో హంసకు దాదాపు 73 మిల్లీమీటర్ల దూరం, అంటే సుమారు 860 పిక్సెళ్ళు. ఆమె కెమెరాను ప్రతిసారీ 305 మిల్లీమీటర్లు జరిపింది. అయిదవ ఫ్రేములోని ఏడవ హంసను ఆరవ ఫ్రేములో సరిగ్గా దాని చోట వెతికి రెండింటి మీదా జంట గుర్తులు పెట్టవలసిన cpfind, దాని పక్క హంసను పట్టుకుని జత కట్టేసింది. ఒక హంస తప్పితే పక్కనున్న హంసలన్నీ అదే దూరంలో తప్పుతాయి కాబట్టి, ఆ జంట గుర్తులన్నీ ఒకదానికొకటి చక్కగా సాక్ష్యం చెప్పాయి. అందువల్ల వాటి మధ్య లెక్కించిన తప్పు రెండు మూడు పిక్సెళ్ళే.

మరి పై వరుస ఎందుకు అడ్డుచెప్పలేదన్నది తర్వాతి ప్రశ్న. అంచు తెగిపోకూడదన్న జాగ్రత్తతో ఆమె కింది వరుస ఫ్రేములలో దిగువన పదిహేను సెంటీమీటర్ల చాపను వదిలింది. దాని పైన పన్నెండు సెంటీమీటర్ల హంసల పట్టీ వచ్చింది. లోపలి బొమ్మకు మిగిలింది ఏడు సెంటీమీటర్లే, అదీ దాదాపు బొమ్మలేని నేల. చాప అల్లిక కూడా ఒకే తీరుగా మళ్ళీ మళ్ళీ వచ్చేదే. పై వరుసతో కలిసే భాగంలో సగం హంసల మెడలూ తలలే ఉండడంతో అక్కడా ఒక హంస జరిగి జత కుదిరింది. లోపలి బొమ్మ మీద నిజం చెప్పిన గుర్తులు పది పన్నెండు ఉన్నా, అవి మందికి భిన్నంగా ఉన్నాయని cpclean వాటినే ఏరి పారేసింది. సగటు తప్పు కన్నా బాగా దూరంగా ఉన్నవాటిని తీసేయడమే దాని పని, ఎవరు నిజమో అది చూడదు. ఆ విధంగా ఒక హంస తల మరొక హంస మెడ మీద కూర్చుంది, కంటికి అతుకు కూడా కనిపించలేదు. గుర్తులు పట్టగానే కళ్ళు మూసుకుని cpclean నడిపే అలవాటు నాకు మొదటి నుంచీ నచ్చదు. అంచు వరుసలను చేత్తో సరిచూసుకున్న తర్వాతే నేను దాన్ని వాడతాను.

దొంగ జతను పట్టుకోవడానికి సగటు తప్పును నమ్మకుండా, ఫ్రేముల స్థానాలను చూడండి.

```
grep '^i' vastram.pto | grep -o 'TrX[^ ]*' | head -10
```

వరుసలో ఒక్కో ఫ్రేముకూ దాని ముందుదానికీ ఉన్న తేడాను తీయండి. గుర్తు ప్లస్సా మైనస్సా అన్నది పట్టించుకోనక్కరలేదు. ఆమెది 36 మిల్లీమీటర్ల సెన్సరు, 50 మిల్లీమీటర్ల లెన్సు కాబట్టి ఫ్రేము వెడల్పు 36/50, అంటే 0.72 అవుతుంది. అందులో అరవై శాతం జరిపితే ప్రతి తేడా 0.43 దగ్గర రావాలి. ఆమె జాబితాలో తొమ్మిది తేడాలకు ఎనిమిది 0.42, 0.44 మధ్య ఉన్నాయి, అయిదవది మాత్రం 0.33. తగ్గిన 0.10ని మిల్లీమీటర్లలోకి మార్చితే సరిగ్గా ఒక హంస వెడల్పు వస్తుంది. Hugin ఫ్రేములను సున్నా నుంచి లెక్కిస్తుంది కాబట్టి తెరమీద ఆ జత 4, 5 గా కనిపిస్తుంది.

ఆ రెండు ఫ్రేముల మధ్య గుర్తులన్నీ తీసేయండి. ఆరవ ఫ్రేము నుంచి కుడివైపున్నవాటికి పై వరుసతో పట్టీ మీద ఉన్న గుర్తులను కూడా తీసేయండి. తర్వాత ఒక్కో జతకు అయిదారు గుర్తులు చేత్తో పెట్టండి. ఇక్కడ శ్రీకాళహస్తి పనితనం మనకు తోడు వస్తుంది. అచ్చు దిమ్మెతో వేసిన బట్టలో హంసలన్నీ ఒకే అచ్చు, కానీ ఇక్కడ ప్రతి హంసనూ వెదురు కలంతో విడిగా గీస్తారు. కలాన్ని కొత్తగా రంగులో ముంచిన చోట నల్ల గీత లావుగా మొదలై, పోను పోను సన్నబడుతుంది. ఆ లావు మొదలు, జారిపడిన రంగు చుక్క, పోగు లేచిన చోటు, ఇలాంటివి మళ్ళీ రావు. కన్నూ ముక్కూ మీద గుర్తు పెట్టకండి, అవి ప్రతి హంసకూ ఉంటాయి.

రెండోసారి ఫోటోలు తీసేవారు కింది వరుసను చాప మీద కాకుండా అంచుకు రెండు వేళ్ళ దిగువన మొదలుపెట్టండి. అప్పుడు లోపలి బొమ్మ ఫ్రేములో సగానికి పైగా ఉంటుంది. వస్త్రానికి ఒక సెంటీమీటరు దూరంలో, దాదాపు అదే ఎత్తులో, ముప్పై సెంటీమీటర్లకు ఒకటి చొప్పున అంకెలు రాసిన కాగితపు ముక్కలు పెట్టండి. వస్త్రం మీద ఏదీ అతికించకండి. నేనైతే తెలుగు అంకెలు రాస్తాను. ఇంగ్లీషు 6, 9 తలకిందులైతే ఒకదానికొకటిగా కనిపించి, అర్ధరాత్రి పనిలో ఒకసారి నన్ను మోసం చేశాయి.

అభ్యాసం: ఇంట్లో బుటా అంచున్న పట్టుచీర ఒకటి తీసుకుని, రెండు మీటర్ల అంచును రెండు వరుసలలో ఫోటోలు తీయండి. బుటా నుంచి బుటాకు దూరాన్ని ముందే కొలిచి, కెమెరాను సరిగ్గా నాలుగు బుటాల దూరం చొప్పున జరపండి. ఈసారి కాగితపు ముక్కలు వద్దు. cpfind పట్టిన గుర్తులతో ఒకసారి, చేత్తో సరిచేసిన గుర్తులతో ఒకసారి కూర్చండి. రెండింటికీ TrX తేడాల జాబితాలు, చీర మీద లెక్కించిన బుటాల సంఖ్య, చిత్రాలలో లెక్కించిన సంఖ్య పంపండి. పట్టు నేతలో బుటాలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి గుర్తుల కోసం పోగు ముడులు, మడత గీతలు వెతుక్కోవలసి వస్తుంది. ఒక జతకు అరగంట పట్టినా ఆశ్చర్యపోకండి.