తెలుగు సెర్చ్ ప్రకటన 30 అక్షరాల్లో పట్టకపోతే: సమస్య - పరిష్కారం

గూగుల్ యాడ్స్‌లో ఒక హెడ్‌లైన్‌కు 30, డిస్క్రిప్షన్‌కు 90 అక్షరాలు మాత్రమే దొరుకుతాయి. విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక బ్యాటరీల దుకాణానికి నేను ప్రకటన రాసినప్పుడు ఎదురైన మూడు చిక్కులను, వాటిని విడదీసిన తీరును ఇక్కడ వివరిస్తున్నాను.

సమస్య 1: చూడటానికి చిన్నగా ఉన్న హెడ్‌లైన్‌ను గడి ఒప్పుకోదు

యజమాని ఇచ్చిన మొదటి హెడ్‌లైన్ ఇది: "ఇన్వర్టర్ బ్యాటరీలపై ప్రత్యేక తగ్గింపు". కంటికి ఖాళీలతో కలిపి 18 అక్షరాలే కనిపిస్తాయి గాని, గడి పక్కన 38/30 అని చూపిస్తుంది.

కారణం: మనం అక్షరం అనుకునేదాన్ని యంత్రం ముక్కలుగా లెక్కిస్తుంది. హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న దేనికదే ఒక్కొక్కటిగా లెక్కకు వస్తాయి. "తగ్గింపు" మనకు మూడక్షరాల మాటే అయినా అక్కడ 8 అవుతుంది. "ఇన్వర్టర్" 9 అవుతుంది. ఇది కాక, కొన్ని కీబోర్డులు పొల్లు తరువాత కంటికి కనిపించని ఒక గుర్తును చేరుస్తాయి, అదీ లెక్కలో పడుతుంది.

పరిష్కారం: ప్రకటనను ముందుగా షీట్‌లోని A2 గడిలో రాసుకొని, పక్కనున్న రెండు గడుల్లో ఈ సూత్రాలు పెట్టుకోవాలి. రెండు అంకెలూ తేడాగా వస్తే ఆ కనిపించని గుర్తు ఉన్నట్టే. పదం చివర, ఖాళీకి ముందు ఉన్నదాన్ని తీసేసినా చదవడంలో తేడా రాదు.

```
=LEN(A2)
=LEN(SUBSTITUTE(A2,UNICHAR(8204),""))
```

కోయవలసింది ముందుగా విశేషణాలను. "ప్రత్యేక" ఒక్కటే 8 తింటుంది, అయినా కొనేవారికి ఏమీ చెప్పదు. దాని చోట అసలు ఆఫర్‌ను పెట్టి "పాత బ్యాటరీకి ₹2,000 తగ్గింపు" అని రాస్తే 29కి సరిపోయింది.

సమస్య 2: పట్టింది, కానీ ఫోన్ చేసినవారు నిరాశపడుతున్నారు

ఆ హెడ్‌లైన్ నడిచిన రెండు రోజులకే యజమాని నాతో, "రెండు వేలు పెద్ద బ్యాటరీకేనండీ, చిన్నదానికి అంత రాదు" అన్నారు. పొట్టిగా చేసే తొందరలో నేను "వరకు" అన్న మాటను వదిలేశాను. ఆ తప్పు నాదే. ఆఫర్‌కు హద్దు చెప్పే మాటను కోస్తే ప్రకటన అబద్ధమవుతుంది కనుక, ఎంత ఇరుకైనా దాన్ని ఉంచే తీరాలి.

అయితే ఖాళీతో కలిపి "వరకు" 5 తీసుకుంటుంది, 29 కాస్తా 34 అవుతుంది. ఇక్కడ తెలుగు సంధి ఆదుకుంది. "పాతది ఇస్తే" అనే బదులు, మన వాడుకలో ఉన్నట్టే "పాతదిస్తే" అన్నాను:

పాతదిస్తే ₹2,000 వరకు తగ్గింపు

ఇది సరిగ్గా 30. "పాతది" అంటే ఏదన్న అనుమానం రాకుండా, దీనికి ముందు "విజయవాడలో ఇన్వర్టర్ బ్యాటరీలు" (29) అనే హెడ్‌లైన్ ఉండాలి.

డిస్క్రిప్షన్‌లోనూ ఇదే జబ్బు ఉండేది. పాత వాక్యం ఇది: "విజయవాడ నగరంలోని వినియోగదారులందరికీ అత్యంత నాణ్యమైన ఇన్వర్టర్ బ్యాటరీలను అతి తక్కువ ధరలకు అందిస్తున్నాము." ఇది 105. తెలుగులో క్రియ చివర వస్తుంది కనుక, సరిగ్గా 90 దగ్గర కోస్తే "అందిస్తున్నాము" మొత్తం పోయి, వాక్యం గాలిలో వేలాడుతుంది. అందువల్ల చివర కత్తిరించకుండా చిన్న వాక్యాలుగా తిరగరాయాలి. నాణ్యత, ధర, వేగం అనే మూడు ఆకర్షణల్లో దుకాణం నిజంగా నిలబెట్టుకోగలిగినది ఏదని అడిగితే, అదే రోజు వచ్చి బిగించడమన్నారు. మిగతా రెండింటినీ వదిలేశాను:

పాత బ్యాటరీ ఇస్తే ₹2,000 వరకు తగ్గిస్తాం. మా మనిషి అదే రోజు వచ్చి బిగిస్తాడు. ఫోన్ చేయండి.

ఇది 90. ఫోన్ నంబరును మాత్రం ఇందులో రాయకూడదు, ప్రకటనను తిరస్కరిస్తారు. దానికి కాల్ అసెట్ వేరే ఉంది. హెడ్‌లైన్‌లో ఆశ్చర్యార్థకం కూడా పనికిరాదు.

సమస్య 3: అన్నీ సరిపోయాయి, అయినా ఆఫర్ కనిపించడం లేదు

రెస్పాన్సివ్ ప్రకటనకు 15 హెడ్‌లైన్ల వరకు ఇవ్వవచ్చు గాని, వాటిలో ఏవి ఏ వరుసలో చూపాలో గూగులే ఎంచుకుంటుంది. ఒకేసారి మూడుకు మించి రావు, మూడోది రాకపోవచ్చు కూడా. కాబట్టి సరుకు పేరును మొదటి స్థానంలో, ఆఫర్‌ను రెండో స్థానంలో, పై డిస్క్రిప్షన్‌ను మొదటి స్థానంలో పిన్ చేశాను, అంటే అవి ఆ స్థానాల్లోనే వచ్చేలా కట్టిపడేశాను. అదే రోజు బిగిస్తామనే ఆకర్షణను "ఫోన్ చేసిన రోజే బిగింపు" (23) అని విడి హెడ్‌లైన్‌గా పిన్ లేకుండా వదిలాను, ఎందుకంటే అది రాకపోయినా డిస్క్రిప్షన్‌లో ఆ మాట ఉంది. పిన్ చేస్తే ప్రకటన బలం చూపే గుర్తు తగ్గవచ్చు. ఆఫర్ లేని ప్రకటనకు డబ్బు కట్టడం కంటే ఆ తగ్గుదలే నయమని నా అభిప్రాయం. ఒకే స్థానానికి రెండు మూడు హెడ్‌లైన్లను పిన్ చేస్తే గూగుల్‌కు మార్చి చూపే వీలు కొంత మిగులుతుంది, అయితే వాటిలో ఆఫర్ చెప్పే ప్రతిదానిలోనూ "వరకు" ఉందో లేదో చూసుకోవాలి.