అడాప్టర్ కూస్తోందా? వదిలేయాల్సిన శబ్దం, తీసేయాల్సిన శబ్దం

సమస్య: రాత్రి నిశ్శబ్దంలో అడాప్టర్ నుంచి సన్నటి ఈల

ఫోన్ ఫుల్ చార్జ్ అయ్యాక, లేదా చార్జర్‌కి ఏమీ తగిలించనప్పుడు ఈ శబ్దం వస్తుంది. ఫోన్ పెట్టగానే తగ్గుతుంది, తీయగానే మళ్లీ మొదలవుతుంది.

అడాప్టర్ లోపలి స్విచ్ సెకనుకు పదుల వేల సార్లు ఆన్, ఆఫ్ అవుతుంటుంది. పూర్తి లోడ్ మీద, అంటే తగిలించిన వస్తువు కరెంటు బాగా లాగుతున్నప్పుడు, ఆ వేగం సాధారణంగా 20 కిలోహెర్ట్జ్ దాటి ఉంటుంది కాబట్టి మన చెవికి అందదు. లోడ్ బాగా తగ్గితే మాత్రం కరెంటు ఆదా కోసం చిప్ కాసేపు పనిచేసి, కాసేపు ఆగి, మళ్లీ పనిచేస్తుంది. ఆ ఆగి ఆగి నడవడం చెవికి వినిపించే వేగంలోకి దిగినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలూ కోరూ దానికి తగ్గట్టు అదురుతాయి. కొన్నిసార్లు సిరామిక్ కెపాసిటర్లు కూడా అదురుతాయి. కాయిల్ వైన్ అంటే ఇదే. కొన్న రోజు నుంచీ ఇలాగే ఉండి, లోడ్ పెడితే తగ్గిపోతుంటే చేయాల్సిందేమీ లేదు. చిరాకనిపిస్తే వాడనప్పుడు స్విచ్ ఆపేయండి. ల్యాప్‌టాప్ అడాప్టర్ లోడ్ మారినప్పుడల్లా స్వరం మార్చినా, వేడి మామూలుగా ఉంటే టెన్షన్ అక్కర్లేదు.

శబ్దం ఎంత పెద్దదన్నది నేను పెద్దగా పట్టించుకోను. నిన్నటిదాకా లేనిది ఇవాళ వస్తోందా అన్నదే చూస్తాను.

సమస్య: కొత్తగా మొదలైన జుయ్‌మనే మోత, లోడ్ పెడితే పెరుగుతోంది

ముందు వేరే సాకెట్‌లో పెట్టి చూడండి. ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే మోత వచ్చి మామూలు కరెంటు రాగానే పోతే, ఆ ఇన్వర్టర్ ఇచ్చే తరంగం నున్నగా లేకపోవడం కారణం కావచ్చు. ఎక్కడ పెట్టినా అదే మోత అయితే లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లను అనుమానించాలి. ఏళ్ల తరబడి వేడికి వాటిలోని ద్రవం ఎండిపోతుంది. అప్పుడు అవుట్‌పుట్ నిలకడగా ఉండదు, వోల్టేజ్‌ను సర్దడానికి చిప్ తంటాలు పడుతుంది.

మా రూటర్ అడాప్టర్‌కి ఇదే జరిగింది. 12 వోల్టులు, 1 ఆంపియర్. మూడేళ్లు చప్పుడు లేకుండా నడిచి, ఒక నెలలో మోత మొదలుపెట్టింది. సాయంత్రం అందరూ నెట్ మీద ఉండే వేళకి రూటర్ దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. తప్పు రూటర్‌దే అనుకుని దాన్ని రీసెట్ చేస్తూ వారం పోగొట్టుకున్నాను. చివరికి పిన్ను దగ్గర మల్టీమీటర్ పెడితే 12.2 చూపించింది, బాగానే ఉందనిపించింది. కానీ అది లోడ్ లేనప్పటి లెక్క. రెండుగా చీలే డీసీ కేబుల్ తగిలించి, ఒక కొస రూటర్‌కి, ఇంకొకటి మీటర్‌కి ఇచ్చాను. రూటర్ ఆన్ అవుతుండగా అంకె 10.6కి పడి, మళ్లీ లేచి, మళ్లీ పడింది. నియంత్రణ ఉన్న అడాప్టర్ అయితే రాసిన దానికి 5 శాతం అటూ ఇటూలో, అంటే సుమారు 11.4 నుంచి 12.6 మధ్య, నిలవాలి.

సమస్య: టిక్... టిక్..., లైటు వెలిగి ఆరుతోంది

చిప్ స్టార్ట్ అవుతోంది, లోపం చూసి ఆగిపోతోంది, మళ్లీ ప్రయత్నిస్తోంది. తగిలించిన వస్తువు తీసేయండి. టిక్ టిక్ ఆగితే షార్ట్ వస్తువులోనో దాని వైర్‌లోనో ఉండవచ్చు. వట్టి అడాప్టర్ కూడా అలాగే కొట్టుకుంటుంటే లోపం దానిలోనే ఉంది, మార్చేయండి.

సమస్య: చిటపట, మాడు వాసన

ఇక్కడ పరీక్షలేమీ వద్దు. సాకెట్‌లో పిన్నులు వదులై నిప్పు రవ్వలు వస్తుండవచ్చు, లోపల ఏదైనా మాడుతుండవచ్చు. గోడ స్విచ్ లేదా మెయిన్ ఆపి, ఆ తర్వాతే పీకండి. పిన్నులు నల్లబడ్డాయా, పెట్టె ఉబ్బిందా చూడండి. నల్లబడితే సాకెట్ కూడా మార్పించాలి, లేకపోతే కొత్త అడాప్టర్‌కీ అదే గతి. చేత్తో పట్టుకోలేనంత వేడెక్కే అడాప్టర్‌నీ ఇందులోనే కలపండి.

మార్చేటప్పుడు

పాతదాన్ని విప్పి కెపాసిటర్ మార్చాలన్న సరదా ఉంటే ఒక్క మాట: 230 వోల్టుల లైన్ మీద వాడిన అడాప్టర్ లోపలి పెద్ద కెపాసిటర్‌లో, పీకేశాక కూడా కాసేపు 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. అలవాటు లేనివాళ్లు జోలికి పోవద్దు. కొత్తది కొంటే వోల్టులు అవే ఉండాలి, ఆంపియర్లు అంతే ఉండాలి లేదా ఎక్కువ ఉండాలి. పిన్ను సైజుతో పాటు, మధ్యలో ప్లస్సా మైనస్సా అన్న బొమ్మ కూడా కలవాలి.

నేను 12 వోల్టులు, 1.5 ఆంపియర్లది తెచ్చాను. రీస్టార్టులు ఆగిపోయాయి. రూటర్ తీసేసి చెవి దగ్గర పెట్టుకుంటే కొత్తదీ సన్నగా కూస్తుంది, దాన్ని వదిలేశాను.